కడుపులో తిప్పితే అది తప్పయినట్టేనా?

ప్రశ్న: నా వయసు 34. నాన్న పోయి నాలుగేళ్లయింది. అమ్మకు 59. ఒకప్పుడు అమ్మతో కలిసి పనిచేసిన ఒకాయన, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నారు. ఆయనకు 63. ఇద్దరూ పెళ్లి చేసుకుంటామన్నారు. మొదట నేను సరేనన్నాను. కానీ ఒకరోజు మధ్యాహ్నం ముందుగా చెప్పకుండా అమ్మ ఇంటికి వెళ్తే, ఆయన అమ్మను దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకుంటూ కనిపించారు. నాకు కడుపులో తిప్పేసింది. బాత్రూమ్‌లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. అప్పటి నుంచి ఆయన కూర్చుంటున్న నాన్న కుర్చీని నేను ముట్టుకోలేకపోతున్నాను. మా ఇంటికొచ్చి ఆయన నీళ్లు తాగిన గ్లాసును పారేశాను. అమ్మతో "నువ్వు చేస్తున్నది తప్పు" అనేశాను. "ఏం తప్పో చెప్పమ్మా" అంది. ఆస్తి సంగతి ఎత్తాను. ముందే రాయించిన కాగితాలు చూపించింది. ఆయన ఎలాంటివాడో అన్నాను. ఇరవై ఏళ్లుగా తెలుసంది. నాన్నను మర్చిపోయావన్నాను. ఏడ్చింది. ఇక చెప్పడానికి నా దగ్గర కారణాలేవీ మిగల్లేదు. అయినా అది తప్పేననిపిస్తోంది. తమ్ముడికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. పెళ్లికి ఇంకా రెండు నెలలే ఉంది. ఒళ్లు ఇంత గట్టిగా వద్దంటుంటే అందులో నిజం ఉండదా? నేను పెళ్లికి వెళ్లాలా, మానాలా?

సమాధానం: కారణాలు అయిపోయాయని మీరు ఒప్పుకున్నారు. చాలామంది ఆ చోటికి వచ్చాక ఒప్పుకోరు, ఇంకో కారణం వెతుక్కుంటారు. మీరు అక్కడ ఆగారు కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీకూ అమ్మకూ మధ్య జరిగిన సంభాషణ లాంటిదే 2000లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ప్రయోగంగా జరిగింది. జోనథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొందరు విద్యార్థులకు కొన్ని కథలు వినిపించారు. వినగానే ఒళ్లు జలదరించే కథలు, కానీ ఎవరికీ ఏ నష్టమూ జరగకుండా కావాలని అల్లినవి. వాటిలో ఒకటి, పెద్దవాళ్లయిన ఒక అన్నాచెల్లెళ్లు ఒక్కసారి శారీరకంగా కలిసిన కథ. పిల్లలు పుట్టే అవకాశం లేదు, ఎవరికీ తెలియదు, ఇద్దరూ బాధపడలేదు, మళ్లీ చేయలేదు. చాలామంది వెంటనే తప్పన్నారు. ఎందుకని అడిగితే, పుట్టే బిడ్డకు లోపం ఉంటుందన్నారు. బిడ్డ పుట్టే అవకాశం లేదు కదా అని అడిగేవాళ్లు గుర్తుచేశారు. వాళ్ల మనసు గాయపడుతుందన్నారు. పడలేదని కథలోనే ఉంది కదా అన్నారు. ఇలా ఒక్కో కారణం చేజారుతున్నా తీర్పు మాత్రం కదల్లేదు. చివరికి కొందరు "ఎందుకో చెప్పలేను, కానీ అది తప్పని నాకు తెలుసు" అన్నారు. తీర్పు మిగిలి మాట పడిపోవడం అన్నమాట.

ఆ కథలోని పనినీ అమ్మ పెళ్లినీ నేను ఒకటి చేయడం లేదు. రెండింటికీ ఏ పోలికా లేదు. చూడాల్సింది ఆలోచన ఏ వరసలో నడిచిందన్నది. మనం కారణాలను తూకం వేసి తీర్పుకు వచ్చామనుకుంటాం. చాలాసార్లు తీర్పు ముందే పడిపోతుంది, కారణాలు దాని వెనకాల నడుచుకుంటూ వస్తాయి. మీ విషయంలో వరస స్పష్టంగానే ఉంది. పెళ్లి మాట విన్నప్పుడు మీరు సరేనన్నారు. ఆస్తి ఉన్న సంగతి అప్పుడూ తెలుసు. ఆయన ఎవరో తెలుసు. నాన్న పోయారనీ తెలుసు. ఆ మధ్యాహ్నం మీకు కొత్తగా తెలిసిన విషయం ఒక్కటీ లేదు. కళ్లకు ఒక దృశ్యం కనబడింది, అంతే.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. అమ్మ కాగితాలు చూపించినప్పుడు మీ కడుపులోని తిప్పు కొంచెమైనా తగ్గిందా? ఆస్తి గురించి నిజంగా భయపడిన మనిషికి ఆ కాగితాలు చూడగానే ఊపిరి తేలిక కావాలి. కారణం తీసేసినా భావం అంతే ఉంటే, ఆ భావం ఆ కారణం మీద నిలబడలేదన్నమాట. ఇదే ప్రశ్న మీరు చెప్పిన ప్రతి కారణానికీ వేసుకోండి. తొందరపడకుండా, రాత్రి పూట కాకుండా, కడుపు కుదురుగా ఉన్న రోజు వేసుకోండి.

అయితే ఈ ప్రయోగాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట మీకు ఉపయోగపడుతుంది. ఎడ్వర్డ్ రోయిజ్‌మన్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 2015లో ఇదే అన్నాచెల్లెళ్ల కథను మళ్లీ పరిశీలించారు. నష్టమేమీ లేదని కథ చెప్పినంత మాత్రాన వినేవాళ్లు నమ్మరని వాళ్లు చూపించారు. పైకి కారణం లేనట్టు కనబడుతుంది గానీ లోపల "ఇది మంచికి దారితీయదు" అన్న నమ్మకం అలాగే ఉంటుంది. కాబట్టి మీకు కారణం దొరకలేదంటే కారణమే లేదని నేను తేల్చేయను. నోటికి రాని కారణం ఒకటి ఉండొచ్చు. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ముందు అసహ్యం సంగతి చూద్దాం. ఈ భావం పుట్టిందే నోటిని కాపాడటానికి. కుళ్లినది, క్రిమి ఉన్నది లోపలికి పోకుండా పై పెదవి ముడుచుకుంటుంది, నోరు తెరుచుకుంటుంది, కడుపు తిరగబడుతుంది. ఇది పొగ వాసన పసిగట్టే అలారం లాంటిది. నిప్పు లేకపోయినా పదిసార్లు మోగితే పెద్ద నష్టం లేదు, నిప్పున్నప్పుడు ఒక్కసారి మోగకపోతే ఇల్లే పోతుంది. అందుకే అది ఎక్కువసార్లు పొరపాటున మోగేలానే తయారైంది. మోగడం దాని పని. నిజంగా నిప్పుందో లేదో చూడాల్సింది మనం.

ఇంకో గుణం కూడా దానికి ఉంది. మనకు తెలిసిన నిజాన్ని అది లెక్కచేయదు. పాల్ రోజిన్ ఈ భావం మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1986లో ఆయనా సహచరులూ ప్రచురించిన ప్రయోగాల్లో, క్రిములేవీ లేకుండా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను పళ్లరసంలో ముంచి తీశారు. ప్రమాదమేమీ లేదని తెలిసినా జనం ఆ రసం తాగడానికి ఇష్టపడలేదు. మరో ప్రయోగంలో రెండు ఖాళీ సీసాల్లో మనిషి కళ్ల ముందే చక్కెర పోశారు. రెండు చీటీలిచ్చారు. ఒకదాని మీద చక్కెర అనీ, ఇంకోదాని మీద సైనైడ్ అనీ రాసి ఉంది. ఏ చీటీ దేనికి అంటించాలో ఆ మనిషినే ఎంచుకోమన్నారు. తన చేత్తో తనే అంటించిన ఆ చీటీ వల్ల, విషం చీటీ ఉన్న సీసాలోని చక్కెరతో చేసిన నీళ్లు తాగడానికి వాళ్లు వెనకాడారు.

మీరు పారేసిన గ్లాసు కూడా అలాంటిదే. సబ్బుతో కడిగితే అందులో ఆయన తాలూకు ఏమీ మిగలదని మీకు తెలుసు. అయినా చేతులు ఊరుకోలేదు. అందుకు సిగ్గుపడనక్కర్లేదు. అది మీలోని ప్రత్యేకమైన లోపం కాదు, మనుషుల బుర్ర ఇలాగే పనిచేస్తుంది. ఒకసారి తగిలింది ఎప్పటికీ తగిలినట్టే ఉంటుందని అది అనుకుంటుంది. కానీ ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. "ఆ గ్లాసులో నీళ్లు తాగడం ప్రమాదం" అని ఎవరైనా వచ్చి వాదిస్తే మీరు ఒప్పుకోరు. భావం బలంగా ఉందనీ ఒప్పుకుంటారు, ప్రమాదం లేదనీ ఒప్పుకుంటారు. ఈ రెండూ ఒకే సమయంలో నిజమై ఉండగలవని గ్లాసు విషయంలో మీకు తెలుసు. అమ్మ విషయంలో మాత్రం భావం ఉంది కాబట్టి తప్పు ఉండే తీరాలంటున్నారు.

మరి ఆ దృశ్యమే ఎందుకంత గట్టిగా తాకింది? కలిసి పెరిగినవాళ్ల మధ్య శారీరక ఆకర్షణ పుట్టదనీ, పైగా ఆ ఊహే రోత పుట్టిస్తుందనీ ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ అనే పండితుడు 1891లోనే రాశాడు. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు ఆయన్ని చాలావరకు బలపరిచాయి. కన్నవాళ్లను ఆ కోణంలో ఊహించడానికి కూడా మన మనసు ఒప్పుకోదు. ఊహ ఆ గది గుమ్మం దాకా వెళ్లగానే తలుపు ధడాలున మూసేస్తుంది. తమ తల్లీతండ్రీ ఒకరితో ఒకరు చనువుగా ఉండటం చూసినా ముఖం తిప్పుకునే పిల్లలు ఎందరో. అక్కడ ఏ తప్పూ లేదని వాళ్లకు బాగా తెలుసు, వాళ్లు పుట్టిందే ఆ చనువు వల్ల. మీ అలారం మోగినప్పుడు అది చెప్పిన మాట "ఈ దృశ్యంలో నువ్వు ఉండకూడదు" అనే అని నా అభిప్రాయం. అది నిజమే, అక్కడ మీరు ఉండకూడదు. ఎవరి అమ్మ గదిలోనైనా వాళ్ల కూతురు ఉండకూడదు. కానీ "నువ్వు ఉండకూడదు" అన్న మాట మీ చెవికి చేరేసరికి "ఆమె ఉండకూడదు"గా మారిపోయింది.

ఈ ఉత్తరం మొత్తంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. అసహ్యం మాట్లాడే భాష "నాకొద్దు". తప్పు అనే మాట అర్థం "ఎవరూ చేయకూడదు". మొదటి దానికి సాక్ష్యం అక్కర్లేదు, మీ కడుపే సాక్ష్యం. రెండో దానికి కావాలి. ఎవరు నష్టపోతున్నారు, ఎవరిని మోసం చేస్తున్నారు, ఎవరి ఇష్టం లేకుండా జరుగుతోంది, ఎవరికిచ్చిన మాట తప్పుతున్నారు, ఇలాంటి వాటికి జవాబు ఉండాలి. మన భాష కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంది. చెత్త తొక్కినా "ఛీ" అంటాం, ఎవరో లంచం తిన్నారని విన్నా "ఛీ" అంటాం. పాడు వాసన, పాడు పని. మురికి నీళ్లు, మురికి డబ్బు. ఒకే మాట రెండు చోట్ల వాడి వాడి, రెండూ ఒకటేననిపిస్తుంది.

కడుపే కొలబద్ద అయితే ఏ కడుపును నమ్మాలన్న చిక్కు కూడా వస్తుంది. అదే సంగతి మీ తమ్ముడికి ఏమీ అనిపించడం లేదు. అప్పుడు అమ్మ పెళ్లి మీ ఇంట్లో తప్పు, అతని ఇంట్లో ఒప్పు అవుతుందా? అసహ్యం ఎంత తొందరగా కలుగుతుందన్నది మనిషికీ మనిషికీ చాలా మారుతుంది. దాన్ని కొలవడానికి రోజిన్, హైట్, మెకాలీ కలిసి 1994లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు కూడా. చార్లెస్ డార్విన్ తన అనుభవం ఒకటి 1872లో రాశాడు. దక్షిణ అమెరికా చివర టియెరా డెల్ ఫ్యూగోలో ఆయన చల్లటి నిల్వ మాంసం తింటుంటే అక్కడి మనిషి ఒకడు వేలితో దాన్ని ముట్టుకుని చూశాడు. ఆ మెత్తదనానికి అతనికి రోత పుట్టింది. బట్టలు లేని ఆ మనిషి తన తిండిని ముట్టుకున్నందుకు డార్విన్‌కూ రోత పుట్టింది. అతని చేతులు మురికిగా కనిపించలేదని డార్వినే రాసుకున్నాడు. ఒకే మాంసం ముక్క, ఇద్దరికీ రోత, కారణాలు వేరు. ఆ ముక్కలో నిజంగా చెడు ఏముందో ఇద్దరి కడుపులూ చెప్పలేవు.

ఇది ఇద్దరు మనుషులతో పోయే సంగతి కూడా కాదు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పెళ్లాడటం సమ్మతమేనా అని అమెరికాలో గ్యాలప్ సంస్థ 1958లో అడిగితే అవునన్నది 4 శాతం మంది. ఆ పెళ్లిళ్లను నిషేధించే చట్టాలు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 1967లో తీర్పిచ్చింది. 2021లో మళ్లీ అడిగితే 94 శాతం సమ్మతమే అన్నారు. 1958లో ఆ జంటలను చూసి నిజంగానే రోతపడినవాళ్లున్నారు. వాళ్లు నటించలేదు. వాళ్ల భావం మీ భావమంత నిజం, అంత బలమైనది. తప్పును మాత్రం ఎవరూ చూపించలేకపోయారు, ఎందుకంటే అక్కడ తప్పు లేదు.

అయితే రెండో పక్షాన్ని కూడా మీ ముందు పెట్టకపోతే అన్యాయం అవుతుంది. 1997లో, డాలీ అనే గొర్రె క్లోనింగ్ వార్త వచ్చిన కొత్తలో, లియోన్ కాస్ అనే అమెరికన్ ఆలోచనాపరుడు గట్టిగా ఒక వాదన చేశాడు. రోత దానంతటది వాదన కాదని ఆయనా ఒప్పుకున్నాడు. కానీ కొన్ని ముఖ్యమైన విషయాల్లో, బుద్ధి మాటల్లో పెట్టలేని లోతైన తెలివి రోత రూపంలో బయటపడుతుందన్నాడు. మీరు నన్ను అడుగుతున్నదీ ఇదే. ఈ మాటలో ఆకర్షణ ఉంది. చిత్రహింస చూస్తే మనకు రోత పుడుతుంది, అది నిజంగానే ఘోరం. మరి రోత నిజం చెప్పినట్టే కదా?

నేను ఇలా చూస్తాను. చిత్రహింస దగ్గర రోతను తీసేసి చూడండి. ఏ భావమూ లేని, రాయి లాంటి మనిషిని తీసుకొచ్చి అడగండి. "అక్కడ ఒకడు నొప్పితో అరుస్తున్నాడు, అతను ఒప్పుకోలేదు" అని అతనూ చెప్పగలడు. రోత లేకపోయినా తప్పు అక్కడే ఉంది. ఇప్పుడు చీము పట్టిన పుండును కోసి శుభ్రం చేస్తున్న డాక్టరును చూడండి. చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి, కానీ ఆ పని మంచిది. చివరగా, ఒక గదిలో శుభ్రమైన తెల్లకాగితం మీద, మంచి పెన్నుతో, ఒకడు ఒక ముసలమ్మ సంతకాన్ని ఫోర్జరీ చేసి ఆమె దాచుకున్న సొమ్మంతా లాగేసుకున్నాడనుకోండి. చూడటానికి అందులో కడుపు తిప్పేది ఏమీ లేదు. తప్పు మాత్రం నిండా ఉంది. రోత ఉన్నచోట తప్పు ఉండొచ్చు, లేకపోవచ్చు. లేనిచోటా ఉండొచ్చు. వెళ్లి చూడమని చెప్పడం దాకానే దాని పని. మీరు వెళ్లి చూశారు కూడా. ఆస్తి, ఆయన నడవడి, రెండూ అడిగారు. రెండింటికీ జవాబొచ్చింది.

అసహ్యం గురించి ఈ మధ్య ప్రచారంలో ఉన్న ఒక మాటను మాత్రం నేను మీకు చెప్పను. గదిలో దుర్వాసన ఉంటే చాలు, మనుషులు ఇతరుల తప్పుల మీద మరింత కఠినంగా తీర్పిస్తారని 2008లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. దాన్ని చాలామంది ఎత్తి చూపుతారు. ల్యాండీ, గుడ్‌విన్ అనే ఇద్దరు 2015లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి లెక్కగడితే ఆ ప్రభావం చాలా చిన్నదని తేలింది. ప్రచురణకు నోచుకోని ఫలితాలను కూడా దృష్టిలో పెట్టుకుంటే దాదాపు లేనట్టే. కాబట్టి మీ తీర్పు మొత్తం కడుపు ఆడించిన ఆట అని నేను అనను. మీరు ఆలోచించగల మనిషి, ఆలోచించారు కూడా. రోత బలంగా ఉండటాన్ని సాక్ష్యం ఖాతాలో వేశారు. సరిచేయాల్సింది ఆ ఒక్క చోటే.

ఇక నోటికి రాని కారణం సంగతి. నేను మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు కళ్లు ఆగింది ముద్దు దగ్గర కాదు, కుర్చీ దగ్గర. మీరు ముట్టుకోలేకపోతున్నది ఏదో ఒక కుర్చీని కాదు, నాన్న కుర్చీని. "నాన్నను మర్చిపోయావు" అన్నప్పుడు అమ్మ వాదించలేదు, ఏడ్చింది. మీ మూడు కారణాల్లో మాటతో జవాబు రానిది అదొక్కటే. నా ఊహ తప్పయితే పక్కన పెట్టేయండి. కానీ నాన్న పోయిన దుఃఖానికి ఆ మధ్యాహ్నం అసహ్యం ముసుగు దొరికిందని నాకనిపిస్తోంది. దుఃఖం మనిషిని బలహీనం చేస్తుంది, ఏడిపిస్తుంది. అసహ్యం అలా కాదు, వేలెత్తి చూపే బలమిస్తుంది. "నాకు నాన్న గుర్తొస్తున్నారు" అనడం కన్నా "నువ్వు తప్పు చేస్తున్నావు" అనడం సులువు.

ఇప్పుడు పెళ్లి మాట. మీ ముందు ఉన్న దారులు నాకు కనబడినట్టు చెబుతాను, ఎంచుకోవడం మీ పని.

మానేయొచ్చు. అమ్మ పెళ్లికి వెళ్లి తీరాలన్న నియమం ఏదీ లేదు. కానీ ఏ మాట చెప్పి మానేస్తారన్నది ముఖ్యం. "అది తప్పు కాబట్టి రాను" అని మానేస్తే, రేపు అమ్మ ఇంటి గుమ్మం తొక్కాలన్నా ఆ మాట అడ్డం వస్తుంది. తీర్పు ఇచ్చినవాళ్లు వెనక్కి రావాలంటే ముందు తీర్పును వెనక్కి తీసుకోవాలి, అది రోజులు గడిచేకొద్దీ బరువెక్కుతుంది. "అమ్మా, నాకింకా తట్టుకోవడం కష్టంగా ఉంది, ఆ రోజు నేను రాలేను, అది నా ఇబ్బందే గానీ నీ తప్పు కాదు" అని మానేస్తే అమ్మకు బాధ కలుగుతుంది, కలగదని నేను చెప్పను. కానీ తలుపు తెరిచే ఉంటుంది. మళ్లీ రావడానికి ఎవరూ ఏదీ ఒప్పుకోవాల్సిన పని ఉండదు.

వెళ్లొచ్చు. వెళ్తే కడుపు ఊరుకుంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఇప్పటిదాకా నేను చెప్పినదంతా మీరు ఒప్పుకున్నా సరే, ఆ రోజు ఆయన అమ్మ చేయి పట్టుకుంటే మళ్లీ తిప్పొచ్చు. బొద్దింక శుద్ధమైనదని తెలిసినవాళ్లు కూడా ఆ రసం తాగడానికి ఇష్టపడలేదు కదా. తిప్పినంత మాత్రాన మీరు ఓడిపోయినట్టు కాదు, కాసేపు బయటికి వెళ్లి రండి. వెళ్లి, నవ్వుతూ నటించి, ఇంటికొచ్చి ఇంకో గ్లాసు పారేసేకన్నా, గంటసేపు ఉండి వచ్చేస్తానని తమ్ముడికి ముందే చెప్పి వెళ్లడం మంచిది.

మధ్యలో ఇంకో దారి ఉంది. ఈ రెండు నెలలూ కొంచెం కొంచెంగా దగ్గరవడం. అసహ్యం వాదనతో తగ్గదు గానీ అలవాటుతో తగ్గుతుంది, అదీ మనం దేనికి అలవాటుపడితే దానికే. రోజిన్ వైద్య విద్యార్థులను, శవాన్ని కోసి పాఠాలు నేర్చుకోవడానికి ముందూ, కొన్ని నెలల తర్వాతా ప్రశ్నలడిగాడు. చల్లబడిన శవాన్ని ముట్టుకోవడం గురించి వాళ్ల అసహ్యం బాగా తగ్గింది. ఇంకా వెచ్చగా ఉన్న, అప్పుడే పోయిన మనిషి శరీరం గురించి మాత్రం పెద్దగా తగ్గలేదు. అంటే ఆయన గురించి దూరం నుంచి మంచిగా ఆలోచించినంత మాత్రాన ఆయన ఎదురుగా కూర్చోవడం తేలిక కాదు. ఎదురుగా కూర్చోవాలి. అమ్మ ఇంట్లో కాకుండా ఏదైనా బయటి చోట, తమ్ముడు కూడా ఉండగా, అరగంటతో మొదలుపెట్టండి. వస్తానని ముందే చెప్పి వెళ్లండి, ఎప్పుడూ చెప్పకుండా వెళ్లొద్దు. వాళ్ల ఏకాంతం వాళ్లకు ఉంటుంది, మీకు చూడాల్సిన అవసరం లేనివి మీ కంట పడవు. ఇది మెల్లగా సాగే పని, పెళ్లి నాటికి పూర్తికాకపోవచ్చు. పెళ్లి తేదీకి దీన్ని ముడిపెట్టకండి.

ఆయన గురించి మీకు నిజమైన అనుమానం ఏదైనా మిగిలి ఉంటే, అప్పులో, కోపమో, మొదటి భార్యతో ఎలా ఉండేవారోనన్నదో, అది తమ్ముడిని కనుక్కోమనండి. అతనికి రోత లేదు కాబట్టి అతని కళ్లు ఈ పనికి మీ కళ్లకన్నా తేటగా ఉంటాయి. అతను ఏదైనా కనుక్కుంటే అది రోత కాదు, విషయం. అప్పుడు అమ్మతో కూర్చుని మాట్లాడాల్సిందే, మీ కడుపు ఎలా ఉన్నా సరే.

ఒక జాగ్రత్త చెబుతాను. పారేసిన గ్లాసు ఒక్కటే అయితే పర్వాలేదు. ఆయన ముట్టుకున్న తలుపు గడియ, ఆయన్ని తాకిన అమ్మ చేతులు, అమ్మ ఇచ్చిన బట్టలు, ఇలా అది పాకుతూ పోతుంటే, కడుక్కోవడానికి రోజులో చాలాసేపు పోతుంటే, వద్దనుకున్నా ఆపలేకపోతుంటే, అది ఇక అమ్మ పెళ్లి సమస్య కాదు. మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లండి. దానికి మంచి చికిత్స ఉంది, ఎంత తొందరగా వెళ్తే అంత తొందరగా తేలికపడతారు.

ఆ కుర్చీ సంగతి కూడా చెప్పాలి. ఆయన కూర్చున్నందుకు ఆ కుర్చీకి ఏదో అంటినట్టు మీకనిపిస్తోంది. కానీ నాన్న ఇన్నేళ్లు కూర్చున్నందుకు కూడా దానికి ఏదో అంటిందని మీరు నమ్ముతున్నారు, లేకపోతే అది మిమ్మల్ని ఇంతగా బాధపెట్టేది కాదు. తగిలింది ఎప్పటికీ తగిలినట్టే అని గ్లాసును పారేయించిన ఆ బుర్రే, నాన్న కుర్చీని కుర్చీగా మాత్రమే చూడనివ్వడం లేదు. అమ్మను అడగండి, దాన్ని మీ ఇంటికి తెచ్చుకుంటానని. తప్పొప్పుల మాట ఎత్తకుండా, "నాన్న కుర్చీ నాకు కావాలమ్మా" అని అడగండి. ఆ అడగడంలో మీకు ఏడుపు వస్తే ఆపుకోకండి. ఆ రోజు మీరు "నాన్నను మర్చిపోయావు" అన్నప్పుడు అమ్మ చెప్పలేకపోయిన జవాబు కూడా అప్పుడు బయటికి రావచ్చు.